ఫ్రీజర్ వెనక గోడకు మంచు పట్టిందా? గ్యాస్ నింపించే ముందు హీటర్, టైమర్ చూపించండి

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కొన్నవాళ్లకు మంచు గీకే పని తప్పుతుంది. నాలుగైదేళ్లు ఏ గొడవా ఉండదు. ఒకరోజు ఫ్రీజర్ తెరిస్తే వెనక గోడ మీద తెల్లగా మంచు పొర కనిపిస్తుంది. ఫ్రీజర్‌లో ఐస్ బాగానే గడ్డకడుతుంటుంది. కింద అరలో పెట్టిన పాలు మాత్రం మర్నాటికి విరిగిపోతాయి, రాత్రి మిగిలిన కూర పొద్దునకి వాసన వస్తుంది.

మెకానిక్ వస్తాడు. ఫ్రిజ్ వెనక చేయి పెట్టి చూసి, "గ్యాస్ ఖతమైందమ్మా, నింపాలి" అంటాడు. రెండు వేల పైచిలుకు ఇచ్చి గ్యాస్ నింపించుకుంటారు. ఒక వారం ఫ్రిజ్ కొత్తదానిలా పనిచేస్తుంది. ఆ తర్వాత మళ్లీ అదే మంచు, మళ్లీ అదే పాలు.

ఇలాంటి చాలా ఇళ్లలో గ్యాస్‌కి ఏమీ కాలేదు. చెడిపోయింది మంచును కరిగించే ఏర్పాటు. అందులో ఉండేవి కొన్ని వందల రూపాయల్లో దొరికే చిన్న భాగాలు. ఆ సంగతి తెలియక గ్యాస్ మీద డబ్బు పోసేవాళ్లున్నారు, కంప్రెసర్ మార్పించేవాళ్లున్నారు, విసిగిపోయి ఫ్రిజ్‌నే పాత సామాను కింద అమ్మేసేవాళ్లూ ఉన్నారు.

మంచు పట్టని ఫ్రిజ్‌లో మంచు ఎక్కడిది?

ఫ్రాస్ట్ ఫ్రీ అంటే ఆ ఫ్రిజ్‌లో మంచు పట్టదని కాదు. పట్టిన మంచును అదే కరిగించుకుంటుందని అర్థం.

ఫ్రీజర్ వెనక కనిపించే ప్లాస్టిక్ గోడ నిజానికి ఒక మూత. దాని వెనక అల్యూమినియం గొట్టాలు, సన్నటి రేకులు ఉన్న కూలింగ్ కాయిల్ ఉంటుంది. దానితోపాటే చిన్న ఫ్యాన్ ఒకటి. కాయిల్ సున్నాకి 20 డిగ్రీలకు పైగా కిందికి చల్లబడుతుంది. ఫ్యాన్ ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి, అక్కడినుంచి ఒక సందు గుండా కింద అరలోకి పంపుతుంది.

తలుపు తెరిచిన ప్రతిసారీ బయటి గాలి లోపలికొస్తుంది. ఆ గాలిలోని తేమ, మూత లేని గిన్నెల నుంచి లేచే ఆవిరి, కూరగాయల తడి అన్నీ తిరిగి తిరిగి కాయిల్‌కి తగులుతాయి. తగిలిన చోటే మంచుగా మారతాయి. కాబట్టి బాగా పనిచేస్తున్న ఫ్రిజ్‌లో కూడా రోజూ కాయిల్ మీద మంచు పడుతూనే ఉంటుంది.

ఆ మంచును తీసేయడానికి కాయిల్ కింద గానీ, దాని మధ్యలో గానీ ఒక హీటర్ ఉంటుంది. కంప్రెసర్ నడిచిన సమయం మొత్తం సుమారు 6 నుంచి 12 గంటలు కాగానే టైమర్ కంప్రెసర్‌ని ఆపి, కరెంటును హీటర్‌కి మళ్లిస్తుంది. హీటర్ మహా అయితే 20, 30 నిమిషాలు వెలుగుతుంది. మంచు కరిగి నీరై, ఒక గొట్టం గుండా కిందికి దిగి, కంప్రెసర్ మీదున్న ట్రేలో పడుతుంది. కంప్రెసర్ వేడికి ఆ నీళ్లు ఆవిరైపోతాయి. తర్వాత టైమర్ మళ్లీ కంప్రెసర్‌కి కరెంటు ఇస్తుంది. ఇదంతా ఇంట్లోవాళ్లకు తెలియకుండానే రోజుకు ఒకటి రెండుసార్లు జరిగిపోతుంది.

ఈ చక్రం ఆగిపోతే మంచు కరగదు. నిన్నటి మంచు మీద ఇవాళ్టి మంచు పడుతుంది. కొన్నాళ్లకు కాయిల్ మొత్తం మంచులో కూరుకుపోయి, ఆ మంచు ప్లాస్టిక్ మూతను దాటుకుని ఇవతలికి వస్తుంది. ఫ్రీజర్ తెరిచినప్పుడు మనకు కనిపించేది ఈ చివరి దశ. అసలు మంచు మూత వెనక ఎప్పుడో నిండిపోయి ఉంటుంది.

ముందు దెబ్బ తినేది కింద అర

పైన ఐస్ గడ్డకడుతుంటే కింద పాలెందుకు విరుగుతాయని చాలామందికి అర్థం కాదు. కాయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న ఫ్రీజర్ కూడా చల్లగానే ఉంటుంది. కానీ కింద అరకు సొంత కాయిల్ లేదు. దానికి చల్లదనం గాలితోనే రావాలి. కాయిల్ రేకుల మధ్య సందులన్నీ మంచుతో మూసుకుపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి కదలదు. అందుకే కింద అర ముందు వేడెక్కుతుంది, ఫ్రీజర్ వంతు కొన్ని రోజుల తర్వాత వస్తుంది.

ఈ లోపు కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. లోపల చాలినంత చల్లబడలేదు కాబట్టి థర్మోస్టాట్ దాన్ని ఆపదు. కరెంటు బిల్లు పెరగడానికి ఇదే కారణం. కొన్ని ఇళ్లలో ఫ్యాన్ రెక్క మంచుకు తగిలి గరగరమని చప్పుడు కూడా వస్తుంది.

పాలు, కూరగాయలు పోతే ఒక నష్టం. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లో ఉంటే అది ఇంకా పెద్ద సమస్య. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కింద అర 15 డిగ్రీలకు చేరినా చేత్తో ముట్టుకుంటే చల్లగానే అనిపిస్తుంది, తేడా తెలియదు. కింద చల్లగా లేదని ఇన్సులిన్‌ను తీసి ఫ్రీజర్‌లో పెడితే మరీ ప్రమాదం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా, వాడకూడదు. ఫ్రిజ్ ఇలా మొరాయించినప్పుడు ఇన్సులిన్‌ను పక్కింటివాళ్ల ఫ్రిజ్‌కి మార్చి, అప్పటికే వేడెక్కిన దాని గురించి డాక్టర్‌ని గానీ, మందుల షాపు ఫార్మసిస్ట్‌ని గానీ అడగడం మంచిది.

మాంసం సంగతి కూడా అంతే. 4 డిగ్రీలకు పైన రెండు గంటలకు మించి ఉన్న పచ్చిమాంసాన్ని పారేయాల్సిందే. ఇంకా ఐస్ పలుకులు ఉండి గట్టిగా ఉన్న మాంసాన్ని మాత్రం మళ్లీ ఫ్రీజ్ చేసుకోవచ్చు.

గ్యాస్ నింపాక వారం రోజులు ఎందుకు బాగుంటుంది?

మెకానిక్ మాట నమ్మడానికి జనం చెప్పే కారణం ఒకటే. "గ్యాస్ పోయించాక బాగైంది కదా" అంటారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

గ్యాస్ నింపాలంటే ఫ్రిజ్ ప్లగ్ తీయాలి, లోపలి సామాను ఖాళీ చేయాలి. ఫ్రిజ్‌ని షాపుకి తీసుకెళ్తే ఒకటి రెండు రోజులు అక్కడే ఉంటుంది. ఈ సమయంలో కాయిల్ మీది మంచంతా కరిగిపోతుంది. సందులు తెరుచుకుంటాయి, గాలి మళ్లీ ఆడుతుంది. ఇంటికొచ్చిన ఫ్రిజ్ చల్లగా ఉంటుంది. దాన్ని బాగుచేసింది గ్యాస్ కాదు, ప్లగ్ తీసి ఉంచిన ఆ సమయం. హీటర్ చెడిపోయే ఉంది కాబట్టి మంచు మొదటినుంచి పేరుకోవడం మొదలవుతుంది. ఇంట్లో తలుపు ఎన్నిసార్లు తెరుస్తారు, వాన రోజులా ఎండాకాలమా అన్నదాన్ని బట్టి వారానికో పది రోజులకో కథ మొదటికొస్తుంది.

ఫ్రిజ్‌లో గ్యాస్ అనేది బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. చిల్లు ఎక్కడుందో వెతికి పూడ్చకుండా గ్యాస్ నింపితే అది మళ్లీ బయటికి పోతుంది.

ఇంట్లోనే చేయగల పరీక్ష

ఏ పరికరమూ లేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ తెరిచి 24 గంటలు వదిలేయాలి. కింద పాత గుడ్డలు పరచాలి, వెనక ట్రే పొంగకుండా మధ్యమధ్యలో నీళ్లు తీసేయాలి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే మంచు త్వరగా కరుగుతుంది. మూత వెనక మంచు కనిపించదు కాబట్టి, ఇవతల కరిగిపోయింది కదా అని రెండు గంటలకే ప్లగ్ పెట్టేయకూడదు.

తర్వాత ప్లగ్ పెట్టి, ఆ తేదీ రాసుకోవాలి. మర్నాటికల్లా పైన, కింద రెండూ మామూలుగా చల్లబడి, కొన్ని రోజులు బాగుండి, మళ్లీ వెనక మంచు, కింద వేడి వస్తే తప్పు డీఫ్రాస్ట్‌లో ఉంది. కంప్రెసర్, గ్యాస్ రెండూ బాగున్నాయని ఈ కొన్ని రోజులే సాక్ష్యం. మంచంతా కరిగించాక కూడా ఫ్రిజ్ సరిగ్గా చల్లబడకపోతే అప్పుడు గ్యాస్, కంప్రెసర్, ఫ్యాన్‌లను అనుమానించాలి.

మెకానిక్ వెనక మూత తీసినప్పుడు మంచు ఆకారం కూడా చూడాలి. కాయిల్ మొత్తం పైనుంచి కిందిదాకా ఒకేలా తెల్లగా నిండి ఉంటే అది డీఫ్రాస్ట్ లోపం. గ్యాస్ తగ్గిన ఫ్రిజ్‌లో కాయిల్ మొదలయ్యే చోట ఒకటి రెండు వరసలకే మంచు పట్టి, మిగతాదంతా ఖాళీగా ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే గ్యాస్ డబ్బులు మిగిలినట్టే.

ఇంకో రెండు సందర్భాల్లోనూ మంచు కనిపిస్తుంది. తలుపు రబ్బరు వదులైతే తేమ ఎక్కువగా లోపలికొచ్చి, తలుపు అంచుల దగ్గర, పెట్టిన వస్తువుల మీద నూగులా మంచు పడుతుంది. తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగితే, బిగువు లేకుండా వచ్చేసిన చోట రబ్బరు పట్టడం లేదన్నమాట. నీళ్లు దిగే గొట్టం మూసుకుపోతే ఫ్రీజర్ అడుగున పలకలా గట్టి ఐస్ పేరుకుంటుంది, కింద అరలో నీళ్లు కారతాయి. అక్కడ హీటర్ పనిచేస్తూనే ఉంటుంది, కరిగిన నీటికే దారి లేదు.

ఒకే దారిలో నాలుగు భాగాలు

తప్పు డీఫ్రాస్ట్‌లో ఉందని తేలితే, ఆ దారిలో ఉండేవి నాలుగే భాగాలు. వీధి కుళాయికి నీళ్లు రావాలంటే దారిలోని వాల్వులన్నీ తెరిచి ఉండాలి కదా, ఇక్కడా అంతే. కరెంటు టైమర్ నుంచి బయల్దేరి బైమెటల్, ఫ్యూజ్, హీటర్ మూడింటి గుండా వెళ్లాలి. ఏ ఒక్కటి తెగినా హీటర్ వెలగదు. నాలుగింటిలో ఏది పోయినా బయటికి కనిపించేది ఒకటే: వెనక గోడ మీద మంచు.

టైమర్ పని కరెంటును కంప్రెసర్ వైపు, హీటర్ వైపు మార్చడం. బైమెటల్ అనేది కాయిల్‌కి తగిలించిన గుండ్రటి చిన్న బిళ్ల. బాగా చల్లగా, అంటే సున్నాకి నాలుగైదు డిగ్రీలు అంతకంటే కింద ఉన్నప్పుడు అది కరెంటును పోనిస్తుంది. కాయిల్ 10 డిగ్రీల పైకి వేడెక్కితే ఆపేస్తుంది. మంచు కరిగిపోయాక కూడా హీటర్ వెలుగుతూ ఉండకుండా చూసేది ఇదే. బైమెటల్ కరెంటు ఆపకుండా మొండికేస్తే చివరి కాపలా ఫ్యూజ్. సుమారు 70 డిగ్రీల వేడికి అది తెగిపోతుంది, మళ్లీ అతకదు. ఇక హీటర్ సంగతి తెలిసిందే. కొన్నిట్లో గాజు గొట్టంలో తీగ ఉంటుంది, కొన్నిట్లో లోహపు గొట్టం ఉంటుంది.

ఒక ఇంటి ఫ్రిజ్, వరుసగా చేసిన పరీక్షలు

టోలీచౌకిలో ఆరుగురున్న ఒక ఇల్లు అనుకుందాం. ఏడేళ్ల పాత డబుల్ డోర్ ఫ్రిజ్. తిప్పే టైమర్ ఉన్న రకం. రెండు నెలల్లో ఒకసారి గ్యాస్ నింపారు, ఇంకొకసారి టైమర్ మార్చారు. మంచు మాత్రం పోలేదు. ఇంటావిడ ఫ్రిజ్‌ని ఒక రోజంతా ఆపి, తేదీ రాసుకుంది. ఎనిమిదో రోజుకి వెనక గోడ మళ్లీ తెల్లబడింది.

మూడో మెకానిక్ వచ్చేసరికి ఆమె, "భాయ్, గ్యాస్ మాట ఎత్తొద్దు. ఎనిమిది రోజులు మంచిగా చల్లబడింది. హీటర్ చూడండి" అంది. ఈ ఒక్క మాటతో సగం పని అయిపోయింది.

అతను ముందు టైమర్ దగ్గరికి వెళ్లాడు. కొన్ని ఫ్రిజ్‌లలో ఇది కింద అరలో చల్లదనం మార్చే నాబ్ ఉన్న డబ్బా వెనక ఉంటుంది, కొన్నిట్లో వెనక కంప్రెసర్ పక్కన. దాని మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది. కంప్రెసర్ నడుస్తుండగా ఆ గాడిని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పాడు. టక్కుమని చప్పుడొచ్చి కంప్రెసర్ ఆగింది. అంటే టైమర్ హీటర్ వైపు మారింది. ఇప్పుడు హీటర్ వెలగాలి. బాగున్న ఫ్రిజ్‌లో కొద్ది నిమిషాలకే లోపల చిటపటమని, నీటి చుక్కలు వేడి గొట్టం మీద పడ్డట్టు చప్పుడొస్తుంది. ఇక్కడ పది నిమిషాలైనా నిశ్శబ్దమే. వైరుకి క్లాంప్ మీటర్ తగిలిస్తే కరెంటు దాదాపు సున్నా.

తర్వాత ప్లగ్ తీసి, ఫ్రీజర్ మూత విప్పాడు. కాయిల్ పైనుంచి కిందిదాకా మంచు దిమ్మ. గ్యాస్ బాగానే ఉందనడానికి ఇది ఇంకో రుజువు. మంచు పూర్తిగా కరగకముందే ఒక్కో భాగాన్నీ విడదీసి మీటర్‌తో చూశాడు. ఫ్యూజ్ దగ్గర దాదాపు సున్నా ఓమ్‌లు, బాగుంది. బైమెటల్ ఇంకా మంచులోనే ఉంది, అక్కడా సున్నా, బాగుంది. హీటర్ రెండు చివర్ల మధ్య మీటర్ పెడితే తెర మీద OL అని వచ్చింది. అంటే లోపల తీగ తెగిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బైమెటల్‌ను చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. మంచు కరిగి, గది వేడికి వచ్చాక చూస్తే బాగున్న బైమెటల్ కూడా తెగినట్టే చూపిస్తుంది. ఎందుకంటే వేడిలో కరెంటు ఆపడమే దాని పని. ఇది తెలియని మెకానిక్ మంచి బైమెటల్‌ను తీసేసి కొత్తది పెడతాడు, అసలు దోషి హీటర్ అలాగే మిగిలిపోతుంది. ఒకవేళ వేడెక్కి ఉంటే దాన్ని విప్పి, పని చేసే ఇంకో ఫ్రీజర్‌లో కాసేపు ఉంచి చూడాలి.

కొత్త హీటర్ పాతదానికి సరిపోయే మోడల్ నంబర్‌దే తెచ్చారు. బిగించే ముందు మీటర్‌తో చూస్తే సుమారు 340 ఓమ్‌లు ఉంది. 230 వోల్టుల మీద అంటే దాదాపు 155 వాట్లు, ఆంపియర్‌లో మూడింట రెండు వంతుల కరెంటు. బైమెటల్ ఇంకా చల్లగా ఉండగానే మూత పెట్టి, ప్లగ్ పెట్టి, టైమర్‌ను మళ్లీ టక్కుమనేదాకా తిప్పారు. క్లాంప్ మీటర్ 0.67 చూపించింది. కాసేపటికి వెనక ట్రేలో నీళ్లు పడడం మొదలైంది. ఈ రెండూ చూశాకే పని పూర్తయినట్టు.

హీటర్ ఓమ్‌లు మోడల్‌ని బట్టి మారతాయి. కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తే సాధారణంగా బాగున్నట్టే. ఇంతకుముందు మార్చిన టైమర్ ఈ ఇంట్లో వృథా ఖర్చు. పరీక్షించకుండా అంచనాతో భాగాలు మారిస్తే ఇలాగే అవుతుంది.

టైమర్ చెడితే రెండు రకాలు

టైమర్ చెడిపోవడంలో రెండు రకాలున్నాయి, రెండింటి లక్షణాలూ పూర్తిగా వేరు.

మొదటిది, టైమర్ కంప్రెసర్ వైపే ఆగిపోవడం. ఫ్రిజ్ చల్లబరుస్తూనే ఉంటుంది, హీటర్ వంతు ఎప్పటికీ రాదు. హీటర్ కాలిపోయినప్పటిలాగే మంచు పేరుకుంటుంది. పైన చెప్పినట్టు చేత్తో తిప్పగానే హీటర్ వెలిగి నీళ్లు పడితే, హీటర్, బైమెటల్, ఫ్యూజ్ మూడూ బాగున్నట్టు. అప్పుడు తప్పు టైమర్‌దే. ఇంకా ఖాయం చేసుకోవాలంటే టైమర్ గాడి ఎటువైపు ఉందో పెన్నుతో గీత పెట్టి, కంప్రెసర్ రెండు మూడు గంటలు నడిచాక చూడాలి. గాడి కొంచెం కూడా జరగకపోతే టైమర్ లోపలి చిన్న మోటార్ ఆగిపోయింది. చాలా మోడళ్లలో కంప్రెసర్ నడిచేటప్పుడే టైమర్ కదులుతుంది. అందుకే కంప్రెసర్ ఆగి ఉన్న సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

రెండోది, టైమర్ హీటర్ వైపే ఆగిపోవడం. ఇందులో మంచు ఉండదు. లోపల బల్బు వెలుగుతుంది, కంప్రెసర్ మాత్రం అసలు మొదలవదు, ఫ్రిజ్ మొత్తం వేడెక్కుతుంది. చూసినవాళ్లు కంప్రెసర్ కాలిపోయిందనుకుంటారు. వేల రూపాయల కంప్రెసర్‌కి ఒప్పుకునే ముందు టైమర్‌ను ఒకసారి తిప్పించాలి. టక్కుమనగానే కంప్రెసర్ మొదలైతే దాని ప్రాణం బాగానే ఉంది, మార్చాల్సింది టైమర్‌నే. అయితే కరెంటు వచ్చి డీఫ్రాస్ట్ సమయంలో ఉన్న ఫ్రిజ్ కూడా అరగంట దాకా ఇలాగే నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ అరగంట ఆగి చూడాలి.

కొత్త మోడళ్లలో టైమర్ ఉండదు

ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో, కొత్తగా వస్తున్న చాలా మోడళ్లలో తిప్పే టైమర్ లేదు. ఆ పనిని ఎలక్ట్రానిక్ బోర్డు చేస్తుంది. బైమెటల్ బదులు కాయిల్ దగ్గర ఒక సెన్సార్ ఉండి, ఎంత చల్లగా ఉందో బోర్డుకి చెబుతుంది. సెన్సార్ తప్పు చెప్పినా, బోర్డు హీటర్‌కి కరెంటు ఇవ్వకపోయినా మంచు పేరుకుంటుంది. హీటర్, ఫ్యూజ్ మాత్రం ఇక్కడా ఉంటాయి, మీటర్ పరీక్ష కూడా అదే. ఖరీదైనది బోర్డు కాబట్టి దాన్ని చివర్లో అనుమానించాలి. హీటర్, ఫ్యూజ్, సెన్సార్ మూడూ బాగున్నాయని చూపించాకే బోర్డు మాట ఒప్పుకోవాలి.

చేయకూడనివి

మంచును కత్తితో, గరిటెతో, స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు. కాయిల్ గొట్టం మెత్తటి అల్యూమినియం. చిన్న పోటుకే చిల్లు పడుతుంది. అప్పటిదాకా లేని గ్యాస్ సమస్య అప్పుడు నిజంగానే వస్తుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఎ గ్యాస్ మండే రకం కూడా. కాబట్టి మంచు కరిగించడానికి కొవ్వొత్తి, స్టవ్, మంట లాంటివి దగ్గరికి తేకూడదు.

ఫ్యూజ్‌ను గానీ, బైమెటల్‌ను గానీ తీసేసి వైర్లను నేరుగా కలపడం కొందరు మెకానిక్‌ల అలవాటు. భాగం దొరకలేదని, "డైరెక్ట్ చేసేశా, ఏం కాదు" అంటారు. అప్పుడు హీటర్‌ను ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. లోపలి ప్లాస్టిక్ కరగొచ్చు, నిప్పంటుకోవచ్చు. దీనికి ఒప్పుకోకూడదు. ఫ్యూజ్ తెగి ఉంటే కొత్త ఫ్యూజ్ వేసి వదిలేయకుండా, అది ఎందుకు తెగిందో కూడా చూడాలి. బైమెటల్ అతుక్కుపోయి కరెంటు ఆపకపోవడం దానికి ఒక కారణం.

తిప్పే పరీక్ష, మీటర్ పరీక్ష మెకానిక్ చేతనే చేయించాలి. తడి ఉన్న చోట 230 వోల్టుల కరెంటు ఉంటుంది. ఇంట్లోవాళ్లు చేయాల్సింది ప్లగ్ తీసి మంచు కరిగించడం, తేదీ రాసుకోవడం, మంచు ఎలా పట్టిందో ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవడం వరకే.

మెకానిక్ వచ్చినప్పుడు

వచ్చే ముందే ఫ్రిజ్‌ని ఆపి మంచు కరిగించేస్తే పరీక్షకు ఆధారం పోతుంది. కాయిల్ మీద మంచు ఎలా ఉందో కనిపించదు, బైమెటల్ చల్లగా ఉండదు. అందుకని మంచు తిరిగి పట్టాకే పిలవాలి, అతను వచ్చేదాకా ఫ్రిజ్‌ని నడుస్తూనే ఉండనివ్వాలి. పాడయ్యే సామాను మాత్రం ముందే వేరే చోటికి మార్చుకోవాలి.

అతను గ్యాస్ అంటే, మూత తీసి కాయిల్ చూపించమని అడగాలి. మొత్తం తెల్లగా ఉంటే గ్యాస్‌కి డబ్బు ఇవ్వనక్కర్లేదు. టైమర్ అంటే, తిప్పినప్పుడు హీటర్ వెలిగిందా అని అడగాలి. హీటర్ అంటే, మీటర్‌లో ఎంత వచ్చిందో చూపించమనాలి. పాత భాగాన్ని వెనక్కి తీసుకోవాలి. పని అయ్యాక ఒకసారి డీఫ్రాస్ట్ నడిపించి, ట్రేలో నీళ్లు పడ్డాకే డబ్బులివ్వాలి. ఆ తర్వాత కూడా తేదీ రాసుకోవాలి. ఇంతకుముందు ఎన్ని రోజులకు మంచు తిరిగొచ్చిందో దానికి రెట్టింపు రోజులు గడిచినా వెనక గోడ శుభ్రంగా ఉంటే, ఫ్రిజ్ బాగైందని అప్పుడు నమ్మొచ్చు.